ఇటుక అడ్డుపెట్టిన తలుపు

నోయిడాలో మా పిన్ని ఉండే టవర్‌కి 30 అంతస్తులు. ఆవిడ ఫ్లాటు 22వ అంతస్తులో. ఒక జనవరి పొద్దున లిఫ్టు దిగి నడుస్తుంటే మెట్లదారి తలుపు బార్లా తెరిచి కనిపించింది. దాని కాళ్ళ దగ్గర ఓ ఇటుక. మెట్ల మలుపులో ఎవరిదో చిన్నపిల్లల సైకిలు, దాని పక్కన మా పిన్నివే రెండు ఖాళీ ఊరగాయ జాడీలు.

"ఇటుక ఎవరు పెట్టారు పిన్నీ?"

"నేనేరా. పొద్దస్తమానం ధడేల్ ధడేల్‌మని కొట్టుకుంటుంది ఆ తలుపు. తియ్యబోతే నా భుజం పట్టేస్తుంది. ఇటుక పెట్టాక ప్రాణం హాయిగా ఉంది. కాస్త గాలి కూడా ఆడుతోంది."

గాలి ఆడుతోందన్న మాట నిజమే. మెట్లదారిలోంచి లిఫ్టు లాబీలోకి సన్నగా, ఆగకుండా వీస్తోంది. ఆ గాలి ఎక్కడినుంచి వస్తోందో చెబితే పిన్ని ఆ క్షణమే ఇటుక తీసేసేది. కానీ అది ఒక్క మాటలో తేలేది కాదు, అందుకే ఈ అధ్యాయం.

నా ఉద్యోగం ఎత్తైన భవనాలకు అగ్నిభద్రత పథకాలు రాయడం. మా వాళ్ళు దాన్ని ఫైర్ స్ట్రాటజీ అంటారు. ఆ పత్రం తెరిస్తే నిజానికి ఒక కథ ఉంటుంది. ఫలానా అంతస్తులో రాత్రి రెండింటికి నిప్పు రాజుకుంది. ఎవరికి ఎప్పుడు తెలిసింది, వాళ్ళు ఎటు నడిచారు, పొగ ఎటు నడిచింది, ఫైరింజన్ ఎక్కడ ఆగింది, అందులోంచి దిగిన మనిషి పైకి ఎలా చేరాడు. జనం దిగాలి, పొగ రాకూడదు, ఫైర్‌మన్ ఎక్కాలి. ఈ మూడూ ఒకే చోట కలుస్తాయి: మెట్లదారి తలుపు దగ్గర. భవనం ఖరీదు ఎన్ని వందల కోట్లయినా కథ అక్కడే నిలబడుతుంది, లేదా అక్కడే కూలుతుంది.

ముందు గాలి సంగతి చూద్దాం.

జనవరిలో ఢిల్లీ చుట్టుపక్కల తెల్లవారుజామున బయట 5 డిగ్రీలుంటుంది. జనం మసిలే భవనం లోపల 20 డిగ్రీలు. వెచ్చటి గాలి తేలిక, చల్లటి గాలి బరువు. 90 మీటర్ల పొడవున నిలువుగా సాగే మెట్లదారిలో ఉన్న వెచ్చటి గాలి పైకి లేచి పై అంతస్తుల సందుల్లోంచి బయటికి పోతుంటే, ఆ ఖాళీలోకి కింది అంతస్తుల నుంచి కొత్త గాలి వచ్చి చేరుతుంది. పొయ్యి మీది పొగగొట్టం చేసే పనే ఇది, నిప్పు లేకుండానే జరుగుతోంది, అంతే తేడా. లెక్క వేస్తే ఈ టవర్ కొసన మెట్లదారికీ బయటికీ మధ్య పీడనంలో తేడా సుమారు 29 పాస్కల్‌లు వస్తుంది. అడుగున కూడా అంతే, కాకపోతే అక్కడ గాలి బయటినుంచి లోపలికి తోసుకొస్తుంది. నడిమి అంతస్తుల్లో ఎక్కడో తేడా సున్నా. 22వ అంతస్తు ఆ నడిమికి పైన ఉంది కాబట్టి మెట్లదారి గాలి పిన్ని లాబీలోకి వీస్తోంది. అంటే ఆవిడ పీలుస్తున్న ఆ చల్లగాలి కింది అంతస్తుల వాళ్ళు వదిలిన గాలి. మూడో అంతస్తులో ఏదైనా అంటుకుంటే దాని పొగ కూడా అదే దారిలో, అదే వేగంతో ఆవిడ గుమ్మం ముందుకొస్తుంది. నాలుగో అంతస్తులో ఉన్నవాళ్ళకంటే ముందే రావచ్చు కూడా.

దీనికి తోడు నిప్పు తనకు తానుగా పుట్టించే ఒత్తిడి ఒకటుంది. గదిలో 600 డిగ్రీల వేడి పొగ చేరినప్పుడు తలుపు పైభాగంలో అది బయటికి తోసే ఒత్తిడి 8 పాస్కల్‌లకు అటూ ఇటూ. నిప్పుకంటే శీతాకాలం మూడింతలకు పైగా బలంగా తోస్తుందన్నమాట. ఈ రంగంలోకి వచ్చిన కొత్తలో నన్ను బాగా ఆశ్చర్యపరిచిన సంగతి ఇదే. మే నెలలో, బయట 44 డిగ్రీలు, లోపల ఏసీ 26 మీద ఉన్న గురుగ్రామ్ ఆఫీసు టవర్లో ఇదంతా తలకిందులవుతుంది. చల్లటి గాలి మెట్లదారిలో కిందికి జారుతుంది, తేడా మాత్రం దాదాపు అంతే. నిప్పుకు దూరం వెళ్ళి చల్లారిన పొగ ఆ గాలితో పాటు కిందికి దిగడం కూడా సాధ్యమే. పొగ పైకే పోతుందిలే అని నమ్ముకున్నవాళ్ళకు ఇది మింగుడుపడదు.

మెట్లదారి పొగగొట్టంగా మారితే ఏమవుతుందో ఢిల్లీకి 1997 జూన్ 13న తెలిసింది. గ్రీన్ పార్క్‌లోని ఉపహార్ సినిమా హాలు ఎత్తైన భవనం కాదు. కానీ అక్కడ జరిగిన ప్రతి అంశమూ కోర్టుల్లో ఏళ్ళ తరబడి విచారణకు వచ్చి నమోదైంది కాబట్టి, మా వాళ్ళకు అదొక పాఠ్యపుస్తకం. హాలు కింది అంతస్తులో ట్రాన్స్‌ఫార్మర్ గది. ఆ పొద్దునే అందులో చిన్న మంట లేచింది. సిబ్బంది వచ్చి కాలిన కేబుల్ కొనను మళ్ళీ బిగించారు. ఆ పని క్రింపింగ్ యంత్రంతో చెయ్యాలి, వాళ్ళు డై, సుత్తితో కానిచ్చారు. సాయంత్రం ఐదు కావస్తుండగా ఆ వదులు కేబుల్ ఊడి ట్రాన్స్‌ఫార్మర్ రేడియేటర్‌కి తగిలింది. రేడియేటర్‌కి చిల్లి పడి నూనె కారింది, అంటుకుంది, పక్కనే కిక్కిరిసి ఆగి ఉన్న కార్లకు పాకింది. పైన మ్యాట్నీ ఆట నడుస్తోంది.

మంట కింది అంతస్తు దాటి హాల్లోకి రాలేదు. వచ్చింది పొగ. మెట్ల బావి దాన్ని నేరుగా పైకి పీల్చుకుంది, ఏసీ దారులు మరికొంత మోశాయి. బాల్కనీకి కుడివైపు ఉండాల్సిన నడవను అదనపు సీట్లతో మూసేశారు. అటువైపు గుమ్మానికి అడ్డంగా ఎనిమిది సీట్ల బాక్సు కట్టారు. లైట్లు పోయాయి, లేచి వెళ్ళండని చెప్పే ప్రకటన రాలేదు. 59 మంది ఊపిరాడక చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. ప్రాణాలు పోయింది బాల్కనీ వాళ్ళకి. నిప్పుకు అందరికంటే దూరంగా ఉన్నది వాళ్ళే.

తెలుగువాళ్ళకు మరీ దగ్గరి ఉదాహరణ కావాలంటే 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్. అక్కడ ఆరుగురు యువతీయువకులను బలిగొన్నది కూడా పొగే.

అందుకే భవనాన్ని గీసేటప్పుడు మొదటి పని దాన్ని పెట్టెలుగా విడగొట్టడం. ప్రతి ఫ్లాటూ ఒక పెట్టె. ప్రతి అంతస్తూ ఒక పెట్టె. మెట్లదారి, లిఫ్టు బావి, కరెంటు షాఫ్టు, నీళ్ళ పైపుల షాఫ్టు, ఇవన్నీ నిలువు పెట్టెలు. ఒక పెట్టెలో అంటుకున్నది నిర్ణీత కాలం పాటు పక్క పెట్టెలోకి దూరకూడదు. మెట్లదారి గోడలకు నేషనల్ బిల్డింగ్ కోడ్ అడిగే కాలం రెండు గంటలు. కాంక్రీటు గోడ ఆ రెండు గంటలూ అవలీలగా నిలుస్తుంది. చిక్కంతా గోడకు పెట్టే చిల్లులతోనే.

కరెంటు షాఫ్టు తలుపు తెరిచి తల పైకెత్తి చూడండి. ఒక్కో అంతస్తు స్లాబులోంచి కేబుళ్ళు పైకి పోతుంటాయి. కట్టినప్పుడు ఆ రంధ్రాలను నిప్పుకు తట్టుకునే మోర్టారుతోనో, వేడికి ఉబ్బి సందు మూసే సీలెంటుతోనో పూడుస్తారు. రెండేళ్ళకి ఇంటర్నెట్ కంపెనీ కుర్రాడొచ్చి కొత్త వైరు దూర్చడానికి అందులో చిల్లు పొడుస్తాడు. ఇంకో ఏడాదికి ఇంకో కంపెనీ. ఎవరైనా పట్టుబట్టి మూయమంటే హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పసుపుపచ్చ ఫోమ్ కొట్టి వెళ్ళిపోతారు. చూడ్డానికి సందు నిండుగా మూసుకుపోయినట్టే ఉంటుంది. కానీ మామూలు పాలియురెథేన్ ఫోమ్ మండే సరుకు, పైగా విషపు పొగ ఇస్తుంది. నేను ఏ భవనానికి వెళ్ళినా మొదట చూసేది ఆ పసుపు రంగు కోసం. కనిపించిందంటే మిగతా పత్రాల్లో ఏముందో నాకు సగం తెలిసిపోయినట్టే. నిప్పుకు తట్టుకునే ఫోములూ ఉన్నాయి, వాటి డబ్బా మీద ఎంత వెడల్పు సందుకు ఎన్ని నిమిషాల పరీక్ష నెగ్గిందో రాసి ఉంటుంది. ఆ డబ్బా చూపించమంటే చాలాసార్లు డబ్బా దొరకదు.

గోడల్లో చిల్లులు మూసినా, మనుషులు వచ్చిపోయే తలుపు ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకోక తప్పదు. తెరిచిన తలుపులోంచి పొగ మెట్లదారిలోకి రాకుండా ఆపే ఉపాయం ఒక్కటే: మెట్లదారిలో గాలి ఒత్తిడి లాబీలో కంటే ఎక్కువ ఉంచడం. మేడ మీద పెద్ద ఫ్యాను పెట్టి బయటి గాలిని మెట్లదారిలోకి తోస్తారు. ఎంత ఒత్తిడితో? కోడ్ చెప్పే అంకె 50 పాస్కల్‌లు. శీతాకాలపు 29, నిప్పు తోసే 8, ఆపైన గాలివాటుకి కొంత కలిపి చూస్తే ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో తేలిగ్గానే అర్థమవుతుంది.

యాభై పాస్కల్‌లంటే మన ఒంటికి తెలిసేంత ఒత్తిడి కూడా కాదు. గ్లాసులో స్ట్రా పెట్టి నీటిని అర సెంటీమీటరు పైకి పీలిస్తే మీరు వాడింది అంతే. అయితే తలుపు వైశాల్యం రెండు చదరపు మీటర్లకు పైమాటే. అంత పలక మీద అదే ఒత్తిడి సుమారు పదిన్నర కిలోల బరువు వేసినట్టు నొక్కుతుంది. బయటికి పారిపోయే మనిషి తోసే దిక్కుకే తలుపు తెరుచుకోవాలన్నది నియమం. అంటే లాబీ నుంచి మెట్లదారిలోకి. అదే తలుపును ఫ్యాను గాలి ఎదురు నెడుతుంటుంది. కీలు ఒక అంచున ఉండటం వల్ల పిడి దగ్గర తగిలేది ఆ బరువులో సగానికి కాస్త ఎక్కువ. దానికి తలుపును తిరిగి మూసే క్లోజర్ స్ప్రింగు బిగువు తోడవుతుంది. రెండూ కలిసి 133 న్యూటన్‌లు, అంటే పదమూడున్నర కిలోలు మించకూడదు. మించితే పిల్లలూ ముసలివాళ్ళూ తియ్యలేరు. ఒత్తిడి 90 పాస్కల్‌లకు చేరితే ఆ హద్దు దాటిపోతుంది. కాబట్టి ఫ్యాను మరీ బలహీనంగా ఉన్నా ప్రమాదమే, మరీ బలంగా ఉన్నా ప్రమాదమే. ఈ ఇరుకు హద్దుల మధ్య ఫ్యానును నడపడానికి ఎక్కువైన గాలిని బయటికి వదిలే కవాటమో, ఫ్యాను వేగాన్ని తగ్గించే పరికరమో పెడతారు.

ఇప్పుడు ఇటుక దగ్గరికొద్దాం. మూసి ఉన్న తలుపు చుట్టూ సన్నటి సందు ఉంటుంది. యాభై పాస్కల్‌ల దగ్గర ఒక్కో తలుపు సందులోంచి సెకనుకు 60 లీటర్ల గాలి జారిపోతుంది. ఈ టవర్లో ఒక మెట్లదారికి 30 తలుపులు, మొత్తం 1,800 లీటర్లు. ఇక ఒకే ఒక్క తలుపు తెరిచి, అందులోంచి పొగ వెనక్కి రాకుండా గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో వీచాలంటే కావలసింది 2,100 లీటర్లు. అంటే మా పిన్ని పెట్టిన ఇటుక ఒక్కటే ఆ భవనంలోని 30 తలుపుల సందులన్నిటికంటే ఎక్కువ గాలి తింటుంది. జనం దిగుతుంటే రెండు మూడు తలుపులు ఒకేసారి తెరుచుకుంటాయని ఫ్యాను లెక్కలో ముందే కలుపుతాం. ఆ రెండు మూడూ ఇటుకలే తినేస్తే, నిప్పున్న అంతస్తులో తలుపు తెరిచిన మనిషికి మిగిలేదేమీ ఉండదు.

ఆ మనిషి అసలు ఎప్పుడు తలుపు తెరుస్తాడు? నిప్పు సంగతి తెలిసినప్పుడు. పొగను పసిగట్టే పరికరం లాబీలో మోగగానే ఒక వరసలో కొన్ని పనులు వాటంతటవే జరగాలి. మెట్లదారి ఫ్యాన్లు మొదలవ్వాలి, లిఫ్టులు కిందికి వచ్చి తలుపులు తెరిచి ఆగిపోవాలి, ఏసీ దారుల్లోని డాంపర్లు మూసుకోవాలి, నిప్పున్న అంతస్తుకూ దాని పై, కింది అంతస్తులకూ మాటల్లో ప్రకటన వినిపించాలి. ఏది మోగితే ఏది కదలాలో ఒక పెద్ద పట్టిక రాసి ఇస్తాం. భవనం అప్పగించే రోజున ఆ పట్టిక ప్రకారం అన్నీ కదులుతాయి. చాలా చోట్ల ఆఖరిసారి కదిలేది కూడా ఆ రోజే.

ఎందుకంటే నవంబరు వస్తుంది. ఢిల్లీ పొగమంచు కళ్ళు మండేంత చిక్కబడుతుంది. బేస్‌మెంటుల్లో, బాల్కనీలకు ఆనుకున్న నడవల్లో ఉన్న పరికరాలు గాలిలోని కణాల మీద పడి చెదిరే వెలుతురును చూసి పొగను గుర్తిస్తాయి. ఆ కణం పంజాబ్ పొలాల నుంచి వచ్చిందో, పక్కింటి సోఫా నుంచి వచ్చిందో వాటికి తెలియదు. రాత్రి మూడుసార్లు మోగాక గార్డు ప్యానెల్ దగ్గరికెళ్ళి శబ్దం ఆపేస్తాడు. వారానికి ఆ మీట అక్కడే ఉండిపోతుంది. అతన్ని తిట్టి లాభం లేదు, నిద్ర పాడైన 120 కుటుంబాలు ముందే తిట్టి ఉంటాయి. పరికరం ఎక్కడ ఏ రకంది పెట్టామన్నది మా తప్పు. దుమ్ము చేరే చోట పొగకు బదులు వేడిని గుర్తించేది పెట్టవచ్చు. ఒకటి కాకుండా రెండు పరికరాలు ఒప్పుకుంటేనే పెద్ద గంట మోగేలా చెయ్యవచ్చు. అలా చేస్తే కొన్ని నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ నిమిషాలను ఎక్కడినుంచి తేవాలన్నదే లెక్క.

ఆ లెక్కలో స్ప్రింక్లర్ పెద్ద దాత. గది పైకప్పులో ఎర్ర ద్రవం నిండిన చిన్న గాజు గొట్టం 68 డిగ్రీలకు పగులుతుంది. దాని కింద మాత్రమే నీళ్ళు కురుస్తాయి, సినిమాల్లో చూపించినట్టు భవనమంతా తడిసిపోదు. నిప్పు ఆరకపోయినా పెరగదు. నిప్పు పెరగకపోతే పొగ పెరగదు.

ఇక జనం. పిన్ని టవర్లో అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు. మొత్తం 480 మంది, రెండు మెట్లదారులు. ఒకటింబావు మీటర్ల వెడల్పు మెట్ల మీద నిమిషానికి 60 మంది దిగగలరు. రెండూ బాగుంటే జనప్రవాహం నాలుగు నిమిషాల పని. అసలు సమయం నడకకే పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అంతస్తుకు పావు నిమిషం, 30 అంతస్తులకు ఏడెనిమిది నిమిషాలు. మా పిన్నికి అంతకు రెట్టింపు, మధ్యలో కూర్చోవడం లెక్కేస్తే ఇంకా ఎక్కువ. అదే ఎత్తున్న ఆఫీసు టవర్లో అంతస్తుకు 150 మంది ఉంటే అరగంట దాటుతుంది. కాబట్టి అక్కడ అందరినీ ఒకేసారి దింపరు, నిప్పు దగ్గరివాళ్ళని ముందు దింపుతారు.

మరి దూరంగా ఉన్న ఫ్లాటువాళ్ళు దిగకుండా లోపలే తలుపేసుకుని ఉండొచ్చు కదా? పెట్టెలు గట్టివైతే ఉండొచ్చు. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ పథకం అదే. 24 అంతస్తులకు ఒకే మెట్లదారి. 2017 జూన్ 14 అర్ధరాత్రి దాటాక 12:54కి మొదటి ఫోను వెళ్ళింది. భవనం వెలుపల అందం కోసం, చలి ఆపడం కోసం తొడిగిన పలకలు అంటుకుని మంట బయటినుంచి పైకి ఎగబాకింది, పెట్టెలన్నీ కిటికీల వైపునుంచి తెరుచుకున్నాయి. లోపలే ఉండండన్న సలహాను 2:47కి గానీ వెనక్కి తీసుకోలేదు. 72 మంది చనిపోయారు. ఢిల్లీ చుట్టుపక్కల కొత్త టవర్ల బయట ఏ పలకలు తొడుగుతున్నారో అడగకుండా ఆ సలహా రాసే ధైర్యం నాకు లేదు.

లోపల ఉండలేక, మెట్లదారికి చేరలేక మిగిలిన చోటు బాల్కనీ. 2025 జూన్ 10న ద్వారకా సెక్టార్ 13లో ఒక అపార్ట్‌మెంటు పై అంతస్తులో మంటలు రేగినప్పుడు ఒక తండ్రి, ఇద్దరు పిల్లలు బాల్కనీ నుంచి దూకి చనిపోయారు. నిచ్చెన వచ్చేదాకా ఎందుకు ఆగలేదని దూరాన ఉన్నవాళ్ళు అడుగుతారు. వేడి ఆగనివ్వదు.

నిచ్చెన మాటకు వస్తే, ఈ ప్రాంతంలో పేరున్న యంత్రం 42 మీటర్ల హైడ్రాలిక్ ప్లాట్‌ఫారం. అది నిటారుగా లేస్తే 13, 14 అంతస్తులు. పిన్ని ఇల్లు 66 మీటర్ల మీద ఉంది. అంతకంటే పొడవైన యంత్రాలున్నా అవి భవనం పక్కకు చేరి, కాళ్ళు చాపి నిలబడాలి. దానికి కోడ్ 6 మీటర్ల దారి, 45 టన్నులు మోసే నేల, మలుపులకు 9 మీటర్ల వ్యాసార్థం, గేటుకు నాలుగున్నర మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు అడుగుతుంది. మన సొసైటీల్లో ఆ దారి చాలాసార్లు కింది బేస్‌మెంటు పైకప్పే. కార్లకు సరిపోయే స్లాబు వేసి, మీద రంగు టైల్సు పరిచి, మూలన పూలమొక్కల దిమ్మె కట్టేస్తే చూడముచ్చటగా ఉంటుంది, ఫైరింజన్ మాత్రం గేటు దగ్గరే ఆగిపోతుంది.

భవనాల మధ్య దూరం కూడా ఇందులో భాగమే. నోయిడాలో ఎమరాల్డ్ కోర్ట్ జంట టవర్లు, ఎపెక్స్, సెయాన్, 2022 ఆగస్టు 28న కుప్పకూలడం దేశమంతా టీవీల్లో చూసింది. దుమ్ము గుర్తుంది, కారణం చాలామందికి గుర్తులేదు. పక్కనున్న పాత టవర్‌కీ కొత్తదానికీ మధ్య 16 మీటర్లు ఉండాల్సిన చోట 9 మీటర్లే ఉంది. 2021 ఆగస్టు 31న కూల్చమన్న సుప్రీంకోర్టు, ఆ దూరం వెలుతురూ గాలీ రావడానికే కాక అగ్నిభద్రత కోసం కూడా పెట్టిన నియమమని తీర్పులో చర్చించింది. అక్కడ నిప్పంటుకోలేదు. అంటుకుంటే బండి ఎక్కడ ఆగేదన్న ప్రశ్నకు జవాబు లేకపోవడం కూడా కూల్చివేతకు దారితీసిన లెక్కలో భాగమైంది.

బయటినుంచి అందని ఎత్తులో పోరాటమంతా లోపలినుంచే. ఫైర్‌మన్లు వాళ్ళకోసమే ఉంచిన లిఫ్టు ఎక్కుతారు. కింద గాజుపెట్టెలోని మీట నొక్కితే అది ఇక వాళ్ళ మాటే వింటుంది, నిమిషంలో పై అంతస్తుకు చేరాలి. నిప్పున్న అంతస్తులో దిగరు, రెండు అంతస్తుల కింద దిగుతారు. అక్కడ లాబీలోని హైడ్రెంటుకు గొట్టం తగిలించి మెట్ల మీదుగా పైకి నడుస్తారు. నీళ్ళకు పై కొసన మూడున్నర బార్‌ల ఒత్తిడి ఉండాలి. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ చొప్పున తొమ్మిది, పైపు రాపిడికి ఒకటి కలిపితే కింది పంపు పదమూడున్నర బార్‌లు ఇవ్వాలి. అదే ఒత్తిడితో రెండో అంతస్తు హైడ్రెంటు తెరిస్తే గొట్టం మనిషిని విసిరేస్తుంది, అందుకని కింది అంతస్తుల్లో ఒత్తిడి తగ్గించే బిళ్ళలు బిగిస్తారు.

ఇప్పుడొక చిత్రమైన చిక్కు. ఆ గొట్టం మెట్లదారిలోంచి నిప్పున్న అంతస్తులోకి తలుపు సందునే వెళ్ళాలి. గొట్టం అడ్డం ఉన్నంతసేపూ తలుపు మూసుకోదు. అంటే పిన్ని ఇటుక చేసిన పనే ఫైర్‌మన్ గొట్టమూ చేస్తుంది, అదీ సరిగ్గా పొగ ఉన్న అంతస్తులో. పైనుంచి జనం ఇంకా దిగుతూనే ఉంటారు. ఈ ఒక్క కారణానికే తలుపుకీ ఫ్లాట్లకీ మధ్య ఒత్తిడి కాస్త తక్కువగా, 25 నుంచి 30 పాస్కల్‌లు ఉండే లాబీ ఒకటి అడుగుతాం. పొగ రెండు తలుపులు దాటాలి, ఒక దాని దగ్గర ఓడినా రెండోది మిగులుతుంది. స్థలం వృథా అని బిల్డర్లు మొదట కోసెయ్యాలని చూసేది కూడా ఆ లాబీనే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గార్డును బతిమాలి మెట్లదారి ఫ్యాను వేయించాను. సన్నటి కాగితపు ముక్క చేత్తో పట్టుకుని మూసిన తలుపు కింది సందు దగ్గర పెడితే, మెట్లదారిలో ఒత్తిడి ఉన్నప్పుడు అది లాబీ వైపు రెపరెపలాడాలి. ఇది పరీక్షాయంత్రం చేసే పని కాదు గానీ ఉందో లేదో చెప్పేస్తుంది. ముందు పిన్ని ఇటుక తీసి తలుపు మూసి చూశాను. కాగితం నీరసంగా వేలాడింది. ఫ్యాను శబ్దం మాత్రం పైనుంచి వినిపిస్తూనే ఉంది. మెట్లు దిగుతూ పోతే 19లో తలుపుకు న్యూస్‌పేపర్ల కట్ట, 14లో పూలకుండీ, 11లో తాడుతో కట్టేసిన పిడి. వెనక్కి తిరిగి పైకెక్కితే మేడ తలుపు బార్లా తెరిచే ఉంది, దాని గొళ్ళానికి ఎవరో బట్టల తీగ కట్టారు. ఫ్యాను తోసిన గాలిలో ఎక్కువభాగం ఐదడుగులు నడిచి ఆకాశంలోకి పోతోంది.

గార్డూ నేనూ ఆ నాలుగు తలుపులూ మూసేసి మళ్ళీ 22కి వచ్చాం. ఈసారి కాగితం గట్టిగా వంగింది. పిన్ని గుమ్మంలో నిలబడి చూస్తోంది. రమ్మని, మెట్లదారి తలుపు తెరవమన్నాను. ఆవిడ పిడి పట్టి తోసింది, కదల్లేదు. పమిట నడుముకు దోపుకుని, బాగున్న భుజం ఆనించి ఒళ్ళంతా వేసి తోస్తే తలుపు తెరుచుకుని చల్లటి గాలి ఆవిడ ముఖం మీద కొట్టింది.

"ఇంత బరువేంట్రా ఇది!" అంది. తర్వాత జాడీలు కూడా తనే లోపల పెట్టుకుంది.